ఏడాది క్రితం మాట్లాడిన రిక్రూటర్‌కు మళ్ళీ రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీలో, ఐటీ కంపెనీలకు ఉద్యోగులను వెతికిపెట్టే పనిని నేను కొన్నేళ్ళపాటు చేశాను. "నమస్తే మేడమ్, ఓపెనింగ్స్ ఏమైనా ఉన్నాయా?" అన్న ఒక్క వాక్యంతో పాత అభ్యర్థులు రాసిన ఉత్తరాలు నాకు ఎన్నో వచ్చేవి. వాటిలో చాలావాటికి జవాబు ఇవ్వలేకపోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ వాక్యాన్ని పట్టుకొని నేను చేయగలిగిన పని ఏదీ ఉండేది కాదు. అలాంటి ఉత్తరం ఎలా ఉంటే రిక్రూటర్ చేతికి పనికివస్తుందో చెప్పడానికే ఈ ప్రశ్నలను, జవాబులను రాశాను. పేజీ అంతటా ఒకే ఉదాహరణ తీసుకుంటాను: 2024 జూన్‌లో మాన్యువల్ టెస్టర్‌గా ఇంటర్వ్యూకు వెళ్ళి, రెండో రౌండులో ఆగిపోయి, 2025 జులైలో అదే రిక్రూటర్‌కు మళ్ళీ రాస్తున్న ఒక అభ్యర్థి.

ఏడాది గడిచాక రిక్రూటర్‌కు నేను గుర్తుంటానా?

మీ ముఖమో మాటో గుర్తుండకపోవచ్చు గానీ మీ రికార్డు మాత్రం ఉంటుంది. కన్సల్టెన్సీ డేటాబేస్‌లో ప్రతి అభ్యర్థికీ ఒక నమోదు ఉంటుంది: మొత్తం అనుభవం, ఆ ఉద్యోగానికి సంబంధించిన అనుభవం, ప్రస్తుత సీటీసీ, ఆశిస్తున్న సీటీసీ, నోటీస్ పీరియడ్, ఉంటున్న ఊరు, ఏ క్లయింట్‌కు పంపారు, ఏ రౌండులో ఆగింది, ప్యానెల్ ఏమన్నది. కొత్త రిక్వైర్‌మెంట్ వచ్చినప్పుడు రిక్రూటర్ మొదట చేసే పని ఆ డేటాబేస్‌లోనూ జాబ్ పోర్టల్‌లోనూ మాటలతో వెతకడం. మన అభ్యర్థి నమోదులో "మాన్యువల్ టెస్టింగ్, 4 ఏళ్ళు" అని మాత్రమే ఉంటే, ఈ ఏడాదిలో ఆయన ఎంత నేర్చుకున్నా, సెలీనియం అనే ఆటోమేషన్ టూల్ పేరుతో వెతికిన రిక్రూటర్‌కు ఆయన కనబడరు. రిక్రూటర్ దగ్గర ఉన్నది ఏడాది నాటి మనిషి. ఆ నమోదును నేటి మనిషికి సరిపోయేలా దిద్దించడమే మీ ఉత్తరం చేయవలసిన మొదటి పని.

పాత మెయిల్‌కే జవాబుగా రాయాలా, కొత్త మెయిల్ పంపాలా?

పాత మెయిల్ దొరికితే దానికే జవాబుగా రాయండి. కింద పాత సంభాషణ అంతా ఉంటుంది కనుక, మీరు ఎవరో, ఏ ఉద్యోగానికి మాట్లాడుకున్నారో రిక్రూటర్ వెతుక్కోనక్కరలేదు. సబ్జెక్ట్ లైన్‌ను మాత్రం మార్చకండి. జీమెయిల్‌లో సబ్జెక్ట్ మారిస్తే అది వేరే సంభాషణగా విడిపోయి, పాతది కలిసి కనబడదు. చెప్పదలచుకున్న కొత్త సంగతి మొదటి రెండు వాక్యాలలోనే రావాలి.

అప్పట్లో ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో మాత్రమే మాట్లాడుకొని ఉంటే కొత్త మెయిల్ రాయండి. దాని సబ్జెక్ట్‌లో మీ పని, అనుభవం, నోటీస్ పీరియడ్ ఉండాలి: "టెస్టర్, మొత్తం 5 ఏళ్ళు, ఆటోమేషన్ 10 నెలలు, నోటీస్ 60 రోజులు, 2024 జూన్‌లో మాట్లాడాము" అన్నట్టు. మెయిల్ పంపాక ఆ సంగతి చెబుతూ వాట్సాప్‌లో ఒక వాక్యం పెట్టడంలో తప్పు లేదు. రెజ్యూమేను వాట్సాప్‌లో మాత్రమే పంపితే అది ఫోన్‌లోనే ఉండిపోయి డేటాబేస్‌కు చేరని సందర్భాలు చాలా చూశాను.

కొత్తగా నేర్చుకున్నవాటిని ఎలా చెప్పాలి?

కిందటిసారి ఎందుకు ఆగిపోయిందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఇది చాలామంది చేయని పని. మన అభ్యర్థిని 2024లో ప్యానెల్ వద్దన్నది ఆటోమేషన్ రాదని. అందువల్ల ఆయన ఉత్తరంలో ముందుగా ఉండవలసినది ఆ లోటు ఎలా తీరిందన్న విషయం. ఏడాదిలో చేసిన అయిదారు కోర్సుల పేర్లను వరుసగా రాస్తే, అసలు విషయం వాటి నడుమ కనబడకుండా పోతుంది.

తర్వాత చూడవలసినది, నేర్చుకున్నదాన్ని ఎక్కడ వాడారన్నది. రిక్రూటర్ దృష్టిలో మూడు వేర్వేరు స్థాయిలు ఉంటాయి. ఉద్యోగంలో, నిజమైన ప్రాజెక్టుపై వాడినది ఒకటి; ఇంట్లో సొంతంగా అభ్యాసం చేసినది ఒకటి; పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నది మరొకటి. అమీర్‌పేటలో మూడు నెలల సెలీనియం కోర్సు చేసి ఉంటే దాన్ని దాచనక్కరలేదు, అయితే ఉద్యోగంలో వాడినట్టుగా అనిపించేలా రాయకూడదు. "సెలీనియం, జావాలలో నైపుణ్యం ఉంది" అన్న వాక్యం ఈ మూడు స్థాయిలనూ కలగలిపేస్తుంది. దాని బదులు మన అభ్యర్థి ఇలా రాయవచ్చు: "2024 సెప్టెంబరు నుంచి ప్రస్తుత ప్రాజెక్టులోనే సెలీనియం, జావా, టెస్ట్‌ఎన్‌జీలతో ఆటోమేషన్ చేస్తున్నాను. మా రిగ్రెషన్ సూట్‌లోని 320 టెస్ట్ కేసులలో 140ని నేను ఆటోమేట్ చేశాను. ఇవి ప్రతి రాత్రీ జెన్‌కిన్స్‌లో నడుస్తాయి. ఏపీఐ టెస్టింగ్‌ను పోస్ట్‌మ్యాన్‌లో సొంతంగా నేర్చుకున్నాను, ఉద్యోగంలో ఇంకా వాడలేదు."

చివరి వాక్యం చూసి భయపడకండి. అది రాసినవారిపై రిక్రూటర్‌కు నమ్మకం పెరుగుతుంది, ఎందుకంటే మిగిలిన వాక్యాలు కూడా అంతే నిజమై ఉంటాయని అర్థమవుతుంది. పైగా క్లయింట్ ఇచ్చే జాబ్ డిస్క్రిప్షన్‌లో ఏది తప్పనిసరి, ఏది ఉంటే మంచిది అని విడివిడిగా ఉంటుంది. ఏపీఐ టెస్టింగ్ రెండో కోవలో ఉన్న ఉద్యోగానికి ఈ అభ్యర్థిని నిశ్చింతగా పంపవచ్చు.

అనుభవాన్ని లెక్కగట్టడంలోనూ జాగ్రత్త కావాలి. మొత్తం అనుభవం 5 ఏళ్ళు, అందులో ఆటోమేషన్ 10 నెలలు. దీన్ని "ఆటోమేషన్ టెస్టింగ్‌లో 5 ఏళ్ళు" అని రాస్తే వెతుకులాటలో పైకి కనబడతారు, మొదటి రౌండులో దొరికిపోతారు. పేజీ తెరిచిన ప్రతిసారీ ఐడీ మారిపోయే బటన్‌ను ఎలా పట్టుకుంటారు, ఆలస్యంగా వచ్చే ఎలిమెంట్ కోసం ఎలా ఆగుతారు, థ్రెడ్.స్లీప్ ఎందుకు వాడకూడదు అని ప్యానెల్ అడుగుతుంది. ఒక ఏడాది చేతితో చేసినవారికి వీటి జవాబులు సహజంగా వస్తాయి, వినికిడితో తెలుసుకున్నవారు తడబడతారు. అప్పుడు ప్యానెల్ రాసే "రెజ్యూమేకు, మనిషికి పొంతన లేదు" అన్న వ్యాఖ్య మీ నమోదులోకి చేరుతుంది. వచ్చే ఏడాది మీరు మళ్ళీ రాసినప్పుడు రిక్రూటర్ చదివేది దాన్నే.

ఎప్పుడు చేరగలనో చెప్పేటప్పుడు ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

"వెంటనే చేరగలను", "నోటీస్ మాట్లాడుకోవచ్చు" అన్న రెండు మాటల దగ్గర. ఉద్యోగంలో ఉన్నవారు మొదటిది చెప్పడం సాధ్యం కాదు. రెండోదానికి రిక్రూటర్ ఫారంలో రాసుకోవడానికి అంకె ఉండదు. ముందుగా మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడండి. ప్రమోషన్ వచ్చినప్పుడు నోటీస్ పీరియడ్ 60 నుంచి 90 రోజులకు మారిన సంగతి, ఆ ప్రమోషన్ లెటర్‌పై సంతకం పెట్టినవారికే గుర్తుండకపోవడం నేను చూశాను. ఏడాది తర్వాత రాస్తున్నప్పుడు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే రిక్రూటర్ దగ్గర పాత అంకె ఉంది.

ఆ తర్వాత బయౌట్ సంగతి. మిగిలిన రోజులకు జీతం చెల్లించి ముందుగా వెళ్ళే వెసులుబాటు మీ కంపెనీలో ఉన్నదా, ఉంటే అది మీ హక్కా లేక మేనేజర్ ఒప్పుకుంటేనే దక్కుతుందా అన్నది లెటర్‌లో ఉంటుంది. "కంపెనీ విచక్షణ మేరకు" అన్న ధోరణిలో ఉంటే దాన్ని మీరు మాట ఇవ్వలేరు. మీ బయౌట్ డబ్బును కొత్త కంపెనీ భరిస్తుందా అన్నది ఆఫర్ సమయంలో తేలే వేరే విషయం.

మన అభ్యర్థికి 60 రోజుల నోటీస్. ఆయన ఆగస్టు 1న రాజీనామా ఇస్తే, ఇచ్చిన రోజును కలిపి లెక్కించే కంపెనీలో చివరి పనిదినం సెప్టెంబరు 29, మరుసటి రోజు నుంచి లెక్కించే కంపెనీలో సెప్టెంబరు 30. కాబట్టి ఆయన చెప్పవలసిన మాట ఇది: "నోటీస్ 60 రోజులు. ఇంకా రాజీనామా ఇవ్వలేదు. ఆగస్టు మొదట్లో ఆఫర్ వస్తే అక్టోబరు మొదటి వారంలో చేరగలను. బయౌట్ మా మేనేజర్ అనుమతిపై ఆధారపడి ఉంటుంది." రాజీనామా ఇప్పటికే ఇచ్చి ఉంటే రోజులు కాకుండా చివరి పనిదినం తేదీని రాయండి, రోజుల లెక్క ప్రతిరోజూ మారుతుంది, తేదీ మారదు.

ఆఫర్ లేకుండానే, నోటీస్ తక్కువగా కనబడాలని రాజీనామా ఇచ్చేయమని కొందరు సలహా ఇస్తారు. క్లయింట్లు త్వరగా చేరేవారిని ఇష్టపడతారన్నది నిజమే గానీ, ఇంటి అద్దె, ఈఎంఐ ఉన్న మనిషికి నేను ఆ సలహా ఇవ్వను.

జీతం సంగతి మొదటి ఉత్తరంలోనే రాయాలా?

మన దగ్గర రాయడమే మంచిది, ఎందుకంటే రిక్రూటర్ తర్వాత అడిగే మొదటి ప్రశ్న అదే, పైగా వారి దగ్గర ఏడాది నాటి అంకె ఉంది. ఏప్రిల్‌లో అప్రైజల్ జరిగి ఉంటే కొత్త అంకె ఇవ్వండి, ఫిక్స్‌డ్ ఎంతో వేరియబుల్ ఎంతో విడదీయండి. 6 లక్షల 90 వేల సీటీసీలో 6 లక్షల 40 వేలు ఫిక్స్‌డ్, 50 వేలు వేరియబుల్ అని రాస్తే తర్వాత పేస్లిప్‌లు అడిగినప్పుడు తేడా రాదు. అప్రైజల్ లెటర్ ఇంకా చేతికి రాకపోతే, రాబోయే అంకెను ఊహించి రాయకండి. "ఇప్పటి అంకె ఇది, సవరణ రావలసి ఉంది" అంటే సరిపోతుంది. ఆశిస్తున్న జీతాన్ని ఒక పరిధిగా ఇవ్వవచ్చు, కానీ క్లయింట్ చూసేది అందులోని కింది అంకెనే. అందువల్ల ఆ కింది అంకెకు మీరు నిజంగా చేరగలిగి ఉండాలి.

మొత్తం ఉత్తరం ఎలా ఉంటుంది?

మన అభ్యర్థి ఉత్తరాన్ని కింద ఇస్తున్నాను. మీ పాత సంభాషణ ఇంగ్లీషులో జరిగి ఉంటే ఉత్తరమూ ఇంగ్లీషులోనే రాయండి. వరుస మాత్రం ఇదే ఉంచండి.

"మేడమ్‌కు నమస్కారం. 2024 జూన్‌లో బ్యాంకింగ్ ప్రాజెక్టులోని టెస్టర్ ఉద్యోగానికి మీరు నన్ను ఇంటర్వ్యూకు పంపారు. ఆటోమేషన్ అనుభవం లేనందున రెండో రౌండులో ఆగిపోయాను, ఆ కారణాన్ని మీరే నాకు ఫోన్ చేసి చెప్పారు. అది నాకు ఎంతో ఉపయోగపడింది.

గత సెప్టెంబరు నుంచి ప్రస్తుత ప్రాజెక్టులో సెలీనియం, జావా, టెస్ట్‌ఎన్‌జీలతో పనిచేస్తున్నాను. 320 రిగ్రెషన్ కేసులలో 140ని ఆటోమేట్ చేశాను, అవి జెన్‌కిన్స్‌లో రాత్రిపూట నడుస్తాయి. పోస్ట్‌మ్యాన్ సొంతంగా నేర్చుకున్నాను, ప్రాజెక్టులో ఇంకా వాడలేదు.

మొత్తం అనుభవం 5 ఏళ్ళు, అందులో ఆటోమేషన్ 10 నెలలు. ప్రస్తుత సీటీసీ 6.9 లక్షలు, అందులో ఫిక్స్‌డ్ 6.4 లక్షలు. ఆశిస్తున్నది 9 లక్షలు. నోటీస్ 60 రోజులు, రాజీనామా ఇవ్వలేదు. హైదరాబాద్‌లోనే చూస్తున్నాను, వారంలో మూడు రోజులు ఆఫీసుకు రాగలను.

కొత్త రెజ్యూమే జతచేశాను. నా పాత నమోదులో ఈ వివరాలను మార్చగలిగితే చాలు. ఇప్పుడు తగిన ఉద్యోగం లేకపోయినా ఇబ్బంది లేదు. నన్ను ఏ కంపెనీకైనా పంపే ముందు ఒక్క మాట చెప్పగలరని కోరుతున్నాను."

ఇందులో రిక్రూటర్‌ను అడిగిన పని చిన్నది, అయిదు నిమిషాలలో అయ్యేది. "నాకు ఉద్యోగం చూడండి" అన్నదానికి చేతిలో ఉద్యోగం ఉంటేనే జవాబు ఇవ్వగలరు. "నమోదు మార్చండి" అన్నదాన్ని ఉద్యోగం లేని రోజున కూడా చేసిపెట్టగలరు. కిందటిసారి చేసిన మేలును ఫలానా అని చెప్పి కృతజ్ఞత తెలపడం కూడా గమనించండి. తిరస్కరణకు కారణం ఫోన్ చేసి చెప్పడం రిక్రూటర్ పనిలో కష్టమైన భాగం, దాన్ని గుర్తుపెట్టుకున్నవారిని మేమూ గుర్తుపెట్టుకుంటాము.

నాకు ఇప్పుడు మారే ఉద్దేశం లేదు. అయినా రాయవచ్చా?

రాయవచ్చు, ఆ మాటను స్పష్టంగా చెబితే. "వచ్చే మార్చి వరకు ఈ ప్రాజెక్టులోనే ఉంటాను, ఆ తర్వాత చూస్తాను" అని రాస్తే రిక్రూటర్ ఆ నెలకు గుర్తుపెట్టుకుంటారు. ఉద్దేశం లేకుండానే "చూస్తున్నాను" అని చెప్పి ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వద్దనడం వల్ల క్లయింట్ దగ్గర రిక్రూటర్ మాట పోతుంది.

నన్ను ఇప్పటి కంపెనీలో చేర్పించినది ఆ రిక్రూటరే. ఆయనకే రాస్తే ఏమవుతుంది?

ఇది చాలామందికి తెలియని చిక్కు. మీ కంపెనీ ఆ కన్సల్టెన్సీకి క్లయింట్. మిమ్మల్ని చేర్పించినందుకు వారికి ఫీజు ముట్టింది; మన దగ్గర మామూలుగా వినబడే అంకె వార్షిక జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. ఇలాంటి ఒప్పందాలలో సాధారణంగా రెండు షరతులు ఉంటాయి. చేరిన మనిషి తొలి 60 లేదా 90 రోజులలో వెళ్ళిపోతే ఫీజు తీసుకోకుండా ఇంకొకరిని చూపించాలి. ఇది మీకు ఏడాది తర్వాత వర్తించదు. రెండోది, క్లయింట్ ఉద్యోగులను కన్సల్టెన్సీ తానుగా బయటికి లాగకూడదు. ఇది ఏడాది తర్వాత కూడా వర్తిస్తుంది.

అందుకని మీరు రాస్తే ఆయన మౌనంగా ఉండిపోవచ్చు, లేదా "ప్రస్తుతం ఏమీ లేవండీ" అని పొడిగా జవాబివ్వవచ్చు. దాన్ని మీపై విముఖతగా అనుకోకండి. అలాంటి రిక్రూటర్‌కు ఏడాది గడిచాక రాయవలసిన ఉత్తరం వేరు: ఉద్యోగం ఎలా సాగుతోందో, కొత్తగా ఏ పని చేపట్టారో రెండు పేరాలలో చెప్పి, మీ టీములో ఖాళీ వస్తే ఆయనకు తెలియజేస్తానని నిజంగా చేయగలిగితేనే మాట ఇవ్వండి. మారాలనుకుంటే వేరే కన్సల్టెన్సీ ద్వారానో, నేరుగానో ప్రయత్నించండి. మీరు వెతుకుతున్న సంగతి మీ హెచ్ఆర్‌కు చేరుతుందేమోనన్న భయం ఉంటే, ఆ సంగతిని ఈ రిక్రూటర్‌కు రాతపూర్వకంగా చెప్పకపోవడమే క్షేమం.

కిందటేడాది ఆఫర్ ఒప్పుకొని చేరలేదు. ఏ ముఖంతో రాయాలి?

దాన్ని ముందుగా ప్రస్తావించి రాయాలి. మీరు దాటవేసినా ఆయన నమోదులో అది ఉంటుంది. ఆనాడు ఆయన మీ చేరిక తేదీ దాకా ఎదురుచూసి, ఆ ఉదయం క్లయింట్‌కు సంజాయిషీ ఇచ్చుకొని ఉంటారు. కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పండి, క్షమాపణ మరో వాక్యంలో చెప్పండి, ఇప్పుడు పరిస్థితి ఎలా మారిందో మూడో వాక్యంలో చెప్పండి. మరో కంపెనీ ఎక్కువ ఇచ్చిందన్నదే కారణమైతే అదే చెప్పండి. అనారోగ్యం కథలు మాకు చాలా వినబడతాయి. కొందరు మన్నిస్తారు, కొందరు మన్నించరు. మన్నించని రిక్రూటర్‌ను తప్పుపట్టలేము.

రిక్రూటర్ కంపెనీ మారారు. మెయిల్ తిరిగి వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

మీ నమోదు పాత కన్సల్టెన్సీలోనే ఉంది, మీతో మాట్లాడిన మనిషి కొత్త చోట ఉన్నారు. కాబట్టి రెండు ఉత్తరాలు కావాలి. పాత కన్సల్టెన్సీలో ఆ పని చూస్తున్న వేరేవారికి పైన చూపిన ఉత్తరాన్నే, ఇంతకుముందు ఎవరితో మాట్లాడారో చెబుతూ పంపండి. మారిన రిక్రూటర్‌కు లింక్డ్‌ఇన్‌లో రాసేటప్పుడు ఆయన దగ్గర మీ రెజ్యూమే లేదని గుర్తుంచుకొని, పరిచయం మొదటి నుంచి చెప్పండి.

ఇద్దరు ముగ్గురు పాత రిక్రూటర్లకు ఒకేసారి రాయవచ్చా?

వేర్వేరుగా, ఎవరికి తగినట్టు వారికి రాయవచ్చు. చిక్కు రాయడంలో లేదు, తర్వాత వస్తుంది. ఒకే కంపెనీలోని ఒకే ఉద్యోగానికి ఇద్దరూ మీ రెజ్యూమే పంపితే, రెండోది డూప్లికేట్‌గా తేలుతుంది. సాధారణంగా ముందు పంపినవారికే ఆ అభ్యర్థిపై హక్కు, అది కొన్ని నెలలపాటు ఉంటుంది. కొన్ని కంపెనీలు ఫీజు తగాదా ఎందుకని అభ్యర్థినే పక్కన పెట్టేస్తాయి. అందుకే నమూనా ఉత్తరం చివర "పంపే ముందు ఒక్క మాట చెప్పండి" అన్న వాక్యం పెట్టాను. రిక్రూటర్ ఫోన్ చేసినప్పుడు క్లయింట్ పేరు అడిగి, ఎవరు ఏ కంపెనీకి ఏ తేదీన పంపారో ఒక కాగితంపై రాసి పెట్టుకోండి. రెండోవారు అదే పేరు చెబితే, అప్పటికే వెళ్ళిందని వెంటనే చెప్పండి.

జవాబు రాకపోతే?

పది రోజుల తర్వాత, అదే మెయిల్‌కు జవాబుగా, ఒక్కసారి గుర్తుచేయండి. ఆ తర్వాత ఆపేయండి. జవాబు రాకపోయినా నమోదు మారి ఉండవచ్చు. జవాబు ఇవ్వకుండానే నేను మార్చిపెట్టినవి ఉన్నాయి, నెలల తర్వాత వాటి నుంచే ఫోన్లు చేసిన సందర్భాలూ ఉన్నాయి. మళ్ళీ రాయవలసినది చెప్పడానికి కొత్త సంగతి ఉన్నప్పుడే: నోటీస్ పీరియడ్ మారడం, రాజీనామా ఇవ్వడం, ఊరు మారడం, పోస్ట్‌మ్యాన్‌ను ప్రాజెక్టులో వాడటం మొదలుపెట్టడం, వేరే చోట చేరిపోవడం. చివరిది చాలామంది చెప్పరు. చేరిన సంగతి ఒక్క వాక్యంలో తెలియజేస్తే, మీ పేరుతో రిక్రూటర్ ఇంకో క్లయింట్ దగ్గర మాట ఇవ్వకుండా ఆగుతారు.